నేవీ బ్లూ టీషర్టు మీద ఆరు రంగుల డిజైన్: చోటు, సైజు, రంగులు ఎలా తేల్చుకోవాలి

ప్రశ్న: మా ఇంజనీరింగ్ బ్యాచ్ రీయూనియన్ విశాఖలో పెట్టుకున్నాం. 150 నేవీ బ్లూ కాటన్ టీషర్టులు, స్మాల్ నుంచి డబుల్ ఎక్స్ఎల్ దాకా. ముందు వైపు డిజైన్ 15 అంగుళాల వెడల్పు, 18 ఎత్తు. పైన తెలుగులో బ్యాచ్ పేరు తెల్లగా, కింద పసుపు నుంచి ఎరుపులోకి మారే సూర్యుడు, డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్, దాని నుంచి సన్నటి పసుపు కాంతి రేఖలు, రెండు రకాల నీలాల్లో అలలు, అట్టడుగున 60 మంది పేర్లు. ఆరు రంగులు. కంప్యూటర్లో అదిరిపోయింది. స్క్రీన్ ప్రింటింగ్ ఆయన చూసి "ఇలా రాదండీ, తగ్గించుకుని రండి" అన్నాడు. ఏది తగ్గించాలి, ఎంత తగ్గించాలి?

జవాబు:

మీ ప్రింటర్ సరిగ్గానే చెప్పాడు, కానీ సగమే చెప్పాడు. ఇలాంటప్పుడు అందరూ ముందు రంగుల మీద పడతారు. ఏ రంగు తీసేద్దామా అని కొట్టుకుంటారు. నేను మొదలుపెట్టేది చోటుతో. టీషర్టు మీద డిజైన్ ఎక్కడ కూర్చుంటుందో తేలితే ఎంత సైజు పడుతుందో తెలుస్తుంది. సైజు తెలిస్తే ఏ గీత బతుకుతుందో, ఏ అక్షరం పూడుకుపోతుందో తెలుస్తుంది. ఆ తర్వాతే రంగుల లెక్క. మీ డిజైన్‌తోనే ఈ వరసలో వెళ్దాం.

ఇంట్లో ఉన్న స్మాల్ సైజు టీషర్టు ఒకటి మంచం మీద పరిచి, చంక నుంచి చంకకి టేపు పెట్టండి. బ్రాండును బట్టి 18, 19 అంగుళాలు వస్తుంది. అందుకే 15 అంగుళాల డిజైన్ హాయిగా పడుతుందనిపిస్తుంది. అదే టీషర్టు మనిషి వేసుకున్నాక చూడండి. రెండు పక్కలా మూడు నాలుగు అంగుళాల గుడ్డ పక్కటెముకల మీదుగా వెనక్కి తిరిగిపోతుంది. ఎదురుగా నిలబడ్డవాళ్లకి తిన్నగా కనిపించేది 11, 12 అంగుళాలే. మీ అలల రెండు చివరలూ చంకల కిందికి వెళ్లిపోతాయి. ఫోటోల్లో బ్యాచ్ పేరు మొదటి అక్షరమూ చివరి అక్షరమూ మడతల్లో ఉంటాయి.

"డబుల్ ఎక్స్ఎల్‌కి పెద్దది, స్మాల్‌కి చిన్నది వేయొచ్చుగా" అని మీకు అనిపించవచ్చు. వేయొచ్చు, కానీ ఒక్కో రంగుకీ ఒక్కో స్క్రీన్, అంటే ఇంక్ దిగే జల్లెడ గుడ్డ బిగించిన చట్రం, ఉంటుంది. దాని మీద డిజైన్ ఏ సైజులో ఎక్కితే ఆ సైజులోనే పడుతుంది. ఇంకో సైజు కావాలంటే అన్ని రంగులకీ ఇంకో సెట్ స్క్రీన్లు చేయాలి. పిల్లల సైజులు కూడా కలిసి ఉంటే ఆ ఖర్చు తప్పదు. పెద్దవాళ్ల సైజులకే అయితే అన్నిటికంటే చిన్న టీషర్టుకి కుదిరే కొలత పట్టుకోవాలి. డబుల్ ఎక్స్ఎల్ మీద 11 అంగుళాల డిజైన్ చుట్టూ ఖాళీ ఎక్కువ కనిపిస్తుంది, అంతే. స్మాల్ మీద 15 అంగుళాలది మాత్రం నిజంగా పాడైనట్టే కనిపిస్తుంది. కాబట్టి మీ వెడల్పు 11.

ఇక పై నుంచి ఎంత కిందికి? ముందు వైపు మెడ పట్టీ కుట్టు నుంచి 3 అంగుళాలు వదిలి మొదలుపెట్టమంటాను. ప్రెస్సులో టేపు లేనప్పుడు నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టి చూసుకుంటాం, దాదాపు అంతే వస్తుంది. కొత్తవాళ్లు టీషర్టు పరిచి, పొడవుకి సరిగ్గా మధ్యలో పెట్టమంటారు. అలా వేస్తే బొమ్మ పొట్ట మీద పడుతుంది. టీషర్టు పొడవుకి మధ్య అంటే మనిషి ఛాతీకి మధ్య కాదు.

ఇప్పుడు ఎత్తు చూడండి. వెడల్పు 15 నుంచి 11కి దిగితే మొత్తం 73 శాతానికి వస్తుంది, 18 అంగుళాల ఎత్తు 13 దాటుతుంది. పైన వదిలిన 3 కలిపితే మెడ నుంచి 16 అంగుళాల కింద ముగుస్తుంది. అది బొడ్డు దగ్గర. కుర్చీలో కూర్చుంటే 60 మంది పేర్లూ పొట్ట మడతలోకి పోతాయి. అందుకే ఆ పేర్లని ముందు నుంచి తీసేయాలని నా గట్టి అభిప్రాయం. అవి పోతే మీ బొమ్మ ఎత్తు కొత్త కొలతలో తొమ్మిదిన్నర అంగుళాల దగ్గర ఆగుతుంది. 11 వెడల్పు, తొమ్మిదిన్నర ఎత్తు, మెడ కింద 3 అంగుళాలు. ఛాతీ మీద చక్కగా కూర్చునే కొలత ఇది.

పేర్లు ఎక్కడికి పోవాలి? వీపు మీదికి. వీపు దాదాపు చదునుగా ఉంటుంది, కుట్లు ఉండవు. పైగా రీయూనియన్‌లో జనం ఒకరి వెనక ఒకరు నిలబడి చదువుకునేది కూడా అక్కడే. మెడ పట్టీ నుంచి 4 అంగుళాలు దిగి, 12 అంగుళాల వెడల్పు, 12 ఎత్తు తీసుకోండి. మూడు నిలువు వరసలు, వరసకి 20 పేర్లు పెడితే ఒక్కో పేరుకి 15 మిల్లీమీటర్ల ఎత్తు దొరుకుతుంది. తెలుపు ఒక్క రంగే, ఒక్క స్క్రీనే.

పేర్లకి అంత ఎత్తు ఎందుకంటే, సైజు గొడవంతా అక్కడే ఉంది. మీ డిజైన్లో 60 పేర్లు 15 అంగుళాల వెడల్పులో, ఐదు అంగుళాల ఎత్తులో ఇరికించి ఉంటే అక్షరం 4 మిల్లీమీటర్లు ఉంటుంది. 73 శాతానికి తగ్గితే అది 3 లోపు. ఇంగ్లీషు పెద్దక్షరాలైతే ఆ సైజులో కష్టం మీద చదవొచ్చు. తెలుగు చదవలేం. మన అక్షరాల్లో అంతా గుండ్రాలు, వాటి లోపల చిన్న ఖాళీలు. ఇంక్ గుడ్డ మీద పడ్డాక పోగుల వెంట కొద్దిగా పాకుతుంది. ఆ కొద్దిపాటి పాకుడుకే ఠ లోపలి చుక్క పోయి ర అయిపోతుంది. థ లో చుక్క కరిగి ధ అవుతుంది, ధ కింద గీత అంటుకుపోయి ద లాగా కనిపిస్తుంది. కింద ఒత్తులు ఇంకా చిన్నవి కాబట్టి ముందు పోయేవి అవే. "సత్యనారాయణ" లో య ఒత్తు మచ్చలా మిగలడం చాలాసార్లు చూశాను.

నా లెక్క ఇది. ముదురు గుడ్డ మీద లేత ఇంక్‌తో వేసే తెలుగు అక్షరం, ఒత్తులు కలపకుండా, కనీసం 5 మిల్లీమీటర్ల ఎత్తు ఉండాలి. రంగు పట్టీ వేసి, అందులో గుడ్డ రంగు అక్షరంలా కనిపించేట్టు ఖాళీ వదిలే పద్ధతి అయితే 7 కావాలి. అక్కడ ఇంక్ నాలుగు వైపుల నుంచీ అక్షరంలోకి పాకుతుంది కాబట్టి అది సన్నబడుతూ పోతుంది. గీతలకీ అదే తేడా. ఇంక్‌తో వేసే గీత కనీసం 1 పాయింట్, అంటే సుమారు 0.35 మిల్లీమీటర్. ఖాళీగా వదిలే గీతకి దానికి రెట్టింపు. ఇవి చివరి సైజులో ఉండాల్సిన కొలతలని గుర్తుంచుకోండి. కంప్యూటర్లో 15 అంగుళాల దగ్గర 1 పాయింట్ పెట్టి, తర్వాత మొత్తాన్ని ఒకేసారి కుదిస్తే గీత 0.73 పాయింట్‌కి పడిపోతుంది. డిజైన్ని చిన్నది చేయడమంటే మూల పట్టుకుని లాగడం కాదు. చిన్న వివరాలని మళ్లీ లావుగా గీయాలి, కొన్నిటిని తీసేయాలి.

పెద్ద సైజుకి కూడా ఇంకో ఇబ్బంది ఉంది. మీ సూర్యుడు ఏడెనిమిది అంగుళాల నిండు గోళం అనుకుంటే, అంత మేర ఇంక్ పొర పొరలుగా పడుతుంది. ఇంక్ పడ్డ చోట గుడ్డ గాలి పీల్చదు. విశాఖ ఉక్కలో ఛాతీ మీద అట్ట కట్టుకున్నట్టు ఉంటుంది. ఉతికేకొద్దీ గుడ్డ ముడుచుకుని, ఆ మేర అంచుల దగ్గర అలల్లా లేస్తుంది కూడా. అందుకని సూర్యుణ్ణి అడ్డంగా నాలుగైదు చోట్ల గుడ్డ రంగు పట్టీలతో కోసేయండి, కింద అలల దగ్గరికి వచ్చేకొద్దీ పట్టీలు లావవుతూ. పాత పద్ధతే అయినా బొమ్మ తేలికవుతుంది, ఇంక్ తగ్గుతుంది, నేవీ రంగు లోపలికి వచ్చి సముద్రంతో కలుస్తుంది.

ఇప్పుడు రంగులు. మీరు ఆరు అనుకుంటున్నారు. ప్రింటర్ లెక్కలో ఏడు. నేవీ గుడ్డ మీద పసుపు నేరుగా వేస్తే మురికి ఆకుపచ్చలా తేలుతుంది, ఎరుపు ఇటుక రంగుకి మసకబారుతుంది. ఇంక్ ఎంత చిక్కగా ఉన్నా కింది ముదురు రంగు తొంగిచూస్తుంది. అందుకే రంగులు పడే చోటల్లా ముందు తెల్ల బేస్ వేస్తారు. దాన్ని ఫ్లాష్ హీటర్ కింద కొన్ని సెకన్లు పెట్టి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, దాని మీద రంగులు వేస్తారు. ఆ బేస్‌కి ఒక స్క్రీన్.

ఏడు స్క్రీన్లంటే ఏడు ఫిల్ములు, ఏడుసార్లు వెలుతురుకి గట్టిపడే ఎమల్షన్ పూసి లైటు కింద ఎక్స్‌పోజ్ చేయడం. ఆ ఖర్చు 150 టీషర్టుల మీద పంచుకుంటే మరీ ప్రాణం పోదు. అసలు బెంగ రిజిస్ట్రేషన్, అంటే ఒక రంగు పక్కన ఇంకో రంగు సరిగ్గా తన చోట పడటం. 150 టీషర్టులకి ఏడు స్క్రీన్లు చొప్పున 1050 సార్లు స్క్రీన్ దిగాలి, ప్రతిసారీ అదే చోటికి. చేత్తో నడిపే ప్రెస్‌లో అర మిల్లీమీటర్ అటూ ఇటూ పోవడం మామూలే. పైగా ఫ్లాష్ పెట్టిన ప్రతిసారీ కాటన్ వేడికి కాస్త ముడుచుకుంటుంది, కాబట్టి మొదటి రంగు పడ్డ గుడ్డా చివరి రంగు పడే గుడ్డా ఒకే కొలతలో ఉండవు. ఒకదానికొకటి ఆనుకుని ఉండాల్సిన రంగులు ఎన్ని ఎక్కువుంటే, సందుల్లో నేవీ గీత కనపడే చోట్లు అన్ని ఎక్కువ.

మీ ఆరు రంగుల్లో మూడింటిని ఎవరికీ తేడా తెలియకుండా తీసేయొచ్చు. ముదురు నీలం మొదటిది. టీషర్టే నేవీ. అలల్లో ముదురు భాగాన్ని వేయకుండా వదిలేస్తే గుడ్డే ఆ రంగు. అక్కడ ఇంక్ లేదు కాబట్టి అది పగలదు, చోటు తప్పదు. టీషర్టు రంగుని డిజైన్లో ఒక రంగుగా లెక్కపెట్టుకోవడం మించిన ఆదా ఇంకోటి లేదు.

రెండోది లేత నీలం. నేవీ మీద తెల్ల ఇంక్‌ని చిన్న చిన్న చుక్కలుగా వేస్తే, నాలుగడుగుల దూరం నుంచి కన్ను ఆ తెలుపునీ గుడ్డ నీలాన్నీ కలిపి లేత నీలంగా చదువుకుంటుంది. దీన్నే హాఫ్‌టోన్ అంటారు. చుక్క పెద్దదైతే తెల్లగా, చిన్నదైతే నీలంగా. అలల నురగ నుంచి నీటి వరకూ ఆ ఒక్క తెలుపుతోనే దించొచ్చు.

మూడోది నారింజ. సూర్యుడి మేర మొత్తం పసుపు నిండుగా వేసి, దాని మీద ఎరుపుని చుక్కలుగా పైనుంచి కిందికి చిక్కబడేట్టు వేస్తే మధ్యలో నారింజ దానంతట అదే వస్తుంది. పసుపు ఎరుపులోకి మారే మీ గ్రేడియంట్ కూడా అదే, దానికి వేరే రంగు అక్కర్లేదు. ఒక హద్దు మాత్రం ఉంది. మరీ చిన్న చుక్కలు స్క్రీన్ మీద నిలవవు, మరీ పెద్దవి ఒకదానికొకటి అంటుకుపోతాయి. కాబట్టి కంప్యూటర్లో 0 నుంచి 100 దాకా నున్నగా కరిగే గ్రేడియంట్, గుడ్డ మీద రెండు చివరలా ఒక్కసారిగా తెగినట్టు కనపడుతుంది. ఎరుపు చుక్కలు నిండే మేరని 10 శాతం దగ్గర మొదలుపెట్టి 85 దగ్గర ఆపమని, రంగుల్ని విడదీసి సెపరేషన్ చేసేవాళ్లకి చెప్పండి. మొదలయ్యే అంచుని ఆ గుడ్డ రంగు పట్టీలలో ఒకదాని దగ్గర పెడితే తెగినట్టు కూడా కనిపించదు.

ముందు వైపుకి మిగిలింది నాలుగు స్క్రీన్లు: తెల్ల బేస్, పసుపు, ఎరుపు, పైన ఇంకో తెలుపు. రెండు తెలుపులెందుకని అడుగుతారు. బేస్‌కి ఇంక్ దండిగా దిగాలి, అందుకని అంగుళానికి 110 పోగులుండే పెద్ద కన్నాల మెష్ వాడతారు. ఆ మెష్ మీద సన్నటి చుక్కలు నిలవవు. మెష్ సంఖ్యని ఐదుతో భాగిస్తే, అంగుళానికి ఎన్ని చుక్కల వరసలు పట్టుతాయో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 110కి వచ్చేది 22. అది చాలా ముతక, అలల్లో చుక్కలు దోసగింజల్లా కనపడతాయి. 230 మెష్‌కి 45 దాకా వస్తుంది, టీషర్టుకి చక్కగా సరిపోతుంది. కాబట్టి అలల చుక్కలూ, బ్యాచ్ పేరు పై పూతా ఆ రెండో తెలుపు స్క్రీన్‌లో పెట్టాలి. ఎరుపు కూడా 230 మీదే. బ్యాచ్ పేరుకి కింద బేస్, పైన తెలుపు రెండూ పడతాయి కాబట్టి అది మెరిసిపోతుంది. చుక్కల కింద బేస్ ఉండదు, అవి కాస్త నీలిగా ఉంటాయి. మనకి కావలసిందీ అదే.

ఇక కాంతి రేఖలు. ఇది చాలామంది డిజైనర్లకి ప్రింటయ్యాక గానీ తెలియని సంగతి. పసుపు కింద తెల్ల బేస్‌ని పసుపు అంచు కంటే చుట్టూ 0.3 మిల్లీమీటర్లు లోపలికి కుదిస్తారు. అలా చేయకపోతే రంగు ఏమాత్రం జరిగినా అంచున తెలుపు తొంగిచూస్తుంది. సూర్యుడి లాంటి పెద్ద ఆకారానికి ఆ కుదింపు తెలియనే తెలియదు. మీ రేఖ లావు 0.6 మిల్లీమీటర్లు ఉంటే? అటు 0.3, ఇటు 0.3 పోయి బేస్ మొత్తం మాయమవుతుంది. నేవీ మీద ఉత్త పసుపు పడి, రేఖలు బురద రంగులో తేలుతాయి. సూర్యుడు ధగధగా ఉండి పక్కనే రేఖలు మసిబారితే, ఇంక్ బాలేదని ప్రింటర్‌తో గొడవకి దిగుతారు. ఇంక్‌ది కాదు తప్పు, గీత లావుది. ముదురు గుడ్డ మీద బేస్ కావలసిన రంగు గీత మాత్రం కనీసం ఒకటిన్నర మిల్లీమీటర్ ఉండాలి. అంతకంటే సన్నగా కావాలంటే దాన్ని తెలుపులో వేయండి. లైట్‌హౌస్ నుంచి వచ్చే కాంతి తెల్లగా ఉంటే అందం తగ్గదు, పైగా ఆ రేఖలు రెండో తెలుపు స్క్రీన్‌లోనే కలిసిపోతాయి.

లేత బూడిద రంగు, తెల్ల టీషర్టులు వేయిస్తుంటే ఈ బేస్ గొడవ చాలావరకు ఉండదు, అప్పుడు లెక్క మారుతుంది. పాలిస్టర్ జెర్సీలైతే గుడ్డలోని రంగే వేడికి ఇంక్‌లోకి ఎక్కి తెలుపు గులాబీగానో నీలంగానో మారుతుంది. అది వేరే కథ. మీది కాటన్ కాబట్టి ఆ భయం లేదు.

"డీటీఎఫ్ వేయిస్తే ఎన్ని రంగులైనా ఒకటే ధర కదా" అని ఎవరైనా చెబుతారు. నిజమే, ఫిల్మ్ మీద ప్రింట్ చేసి వేడితో అతికించే పద్ధతి కాబట్టి రంగులకి స్క్రీన్లు లేవు. పది, ఇరవై టీషర్టులైతే నేనూ అదే చెప్తాను. కానీ చోటు, సైజు లెక్కలు అక్కడా తప్పవు. పెద్ద నిండు సూర్యుడు అక్కడ ఇంకా దళసరిగా తగులుతుంది. జుట్టు లాంటి గీతలకి జిగురు చాలినంత పట్టక కొన్ని ఉతుకులకి లేచిపోతాయి. చుక్కలుగా వేసిన నీడలకి కూడా అదే గతి పట్టవచ్చు.

ప్రింటర్ దగ్గరికి వెళ్లేముందు ఒక పని చేయండి. కొత్త డిజైన్ని అసలు సైజులో, అంటే 11 అంగుళాల వెడల్పులో, ఏ3 కాగితం మీద ప్రింట్ తీసి అంచులు కత్తిరించండి. స్మాల్ వేసుకునే స్నేహితుడికి మెడ కింద నాలుగు వేళ్లు వదిలి పిన్నులతో పెట్టి, ఆరేడు అడుగుల దూరం నుంచి చూడండి. అతన్ని కూర్చోమనండి, చేతులెత్తమనండి. అక్కడ చదవలేని అక్షరం గుడ్డ మీద ఎలాగూ చదవలేరు. కాగితం మీద ఇంక్ పాకదు కాబట్టి అక్కడ అనుమానంగా ఉన్నవన్నీ గుడ్డ మీద పోతాయనే అనుకోండి.

ఫైలు ఇచ్చేటప్పుడు వెక్టర్‌గా, అంటే ఎంత పెంచినా చెదరని గీతల రూపంలో ఇవ్వండి, వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి. అక్కడ అది కుదించుకుపోతుంది. 1200 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మని 11 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 110 పిక్సెళ్లు కూడా రావు. కావలసింది 300. తెలుగు అక్షరాలని తప్పనిసరిగా ఆకారాలుగా మార్చి పంపండి. కోరల్‌డ్రాలో అయితే Convert to Curves, ఇల్లస్ట్రేటర్‌లో Create Outlines. అలా చేయకపోతే వాళ్ల కంప్యూటర్లో మీ ఫాంట్ లేక ఒత్తులన్నీ విడిపోయి పక్కకి వస్తాయి. ఇంగ్లీషు మాత్రమే చదివే కుర్రాడు ఆపరేటర్ అయితే దాన్ని అలాగే ఫిల్మ్ తీసేస్తాడు కూడా.

150 మొదలుపెట్టకముందు ఒక్క సాంపిల్ అడగండి, స్మాల్ మీదే. అందులో ముందు సూర్యుడి అంచు చూడండి. పసుపు చుట్టూ తెల్ల గీత కనపడితే బేస్ కుదింపు చాలలేదు, లేదా స్క్రీన్ జరిగింది. ఒక పక్కనే కనపడితే జరిగినట్టు, చుట్టూ సమానంగా ఉంటే కుదింపు చాలనట్టు. పసుపు మధ్యలో ఆకుపచ్చ ఛాయ ఉంటే బేస్ పలచగా పడింది. ఎరుపు చుక్కలు కింద అన్నీ కలిసి ముద్దగా ఉంటే 85 శాతం హద్దు పాటించలేదు, లేదా ఇంక్ ఎక్కువ దిగింది. తర్వాత వీపు తిప్పి, ఒత్తులు ఎక్కువున్న పేర్లు నాలుగైదు గట్టిగా చదవండి. చివరగా సూర్యుడి దగ్గర గుడ్డని రెండు చేతులా అడ్డంగా సాగదీయండి. ఇంక్ చీలి లోపల నేవీ కనపడితే వేడి చాలక పూర్తిగా పండలేదని అర్థం. వాడింది ప్లాస్టిసాల్ అనే ప్లాస్టిక్ ఇంక్ అయితే పొర లోపలిదాకా 160 డిగ్రీలు తగలాలి. నీళ్ల ఇంక్, మనవాళ్లు ఖాదీ వైట్ అనేది, అయితే దాని తయారీదారు చెప్పిన వేడీ సమయమూ అడిగి తెలుసుకోండి. ఇవన్నీ సరిగ్గా ఉంటే మిగతా 149కి అడ్వాన్సు ఇవ్వొచ్చు.